చిన్న బైనరీ ఇమేజ్‌లో కనెక్టెడ్ కాంపొనెంట్ లేబులింగ్: 4 పొరుగులా, 8 పొరుగులా? తరచుగా అడిగే ప్రశ్నలు

కనెక్టెడ్ కాంపొనెంట్ లేబులింగ్ అంటే ఏం చేయడం?

బైనరీ ఇమేజ్‌లో ప్రతి పిక్సెల్ 0 లేదా 1. 1 అంటే వస్తువు, 0 అంటే బ్యాక్‌గ్రౌండ్. ఒకదానికొకటి ఆనుకుని ఉన్న 1లన్నిటినీ ఒక ముక్కగా లెక్కగట్టి, ఒక్కో ముక్కకి ఒక్కో నంబరు ఇవ్వడమే లేబులింగ్. పని అయ్యాక చేతిలో అదే సైజు ఇమేజ్ ఇంకొకటి ఉంటుంది. అందులో 1ల స్థానంలో 1, 2, 3 అంటూ ముక్కల నంబర్లు ఉంటాయి. ఎన్ని వస్తువులు ఉన్నాయి, ఒక్కోటి ఎంత పెద్దది, ఎక్కడ ఉంది అన్న ప్రశ్నలకి జవాబులు అక్కడి నుంచే వస్తాయి.

ఈ పేజీ మొత్తం ఆ "ఆనుకుని" అన్న మాట చుట్టూనే తిరుగుతుంది.

ఆనుకోవడంలో రెండు రకాలు ఎందుకున్నాయి?

చదరపు గడికి పక్క గడులు రెండు రకాలుగా తగులుతాయి. పైన, కింద, ఎడమ, కుడి ఉన్న నాలుగు గడులకీ మన గడికీ ఒక పూర్తి అంచు ఉమ్మడిగా ఉంటుంది. మూలల్లో ఉన్న మిగతా నాలుగూ ఒక్క బిందువు దగ్గర మాత్రమే తగులుతాయి. అంచు కలిస్తేనే పొరుగు అంటే అది 4-పొరుగు. మూల కలిసినా పొరుగే అంటే 8-పొరుగు. అంచుకీ మూలకీ మధ్య ఉన్న ఈ తేడా చదరపు గడుల వల్లే వచ్చింది. అందుకే రెండింట్లో ఒకటి ఒప్పు, రెండోది తప్పు అని తేల్చడం కుదరదు.

ఉదాహరణ చూపించండి.

6 వరుసలు, 8 నిలువు వరుసలు ఉన్న ఈ బొమ్మ తీసుకుందాం. దీన్ని కాగితం మీద గీసుకుని పక్కన పెట్టుకుంటే కింది జవాబులు తేలిగ్గా అర్థమవుతాయి.

```
1 1 0 0 0 0 1 0
1 1 0 0 0 1 0 1
0 0 1 0 0 0 1 0
0 0 0 0 0 0 0 0
1 0 1 0 0 1 1 0
1 1 1 0 1 0 0 0
```

ఇందులో మొత్తం 17 ఒకట్లు ఉన్నాయి. పై ఎడమ మూలలో నాలుగు గడుల దిమ్మె, దాని కొసకి మూలగా తగిలిన ఒక పిక్సెల్ ఉన్నాయి. పై కుడివైపు వజ్రం ఆకారంలో నాలుగు పిక్సెళ్లు ఉన్నాయి, వాటి మధ్య గడి ఖాళీ. కింద ఎడమవైపు ఇంగ్లిష్ యూ ఆకారం, కుడివైపు మెట్టులా వంగిన మూడు పిక్సెళ్లు. గడిని (వరుస, నిలువు) అని రాస్తాను, రెండూ 1 నుంచి మొదలు. పైథాన్‌లో రాసేటప్పుడు రెండింట్లోంచీ ఒకటి తీసేయాలి.

4-పొరుగుతో చేత్తో లేబుల్ వేస్తే ఎలా ఉంటుంది?

1966లో అజ్రియెల్ రోజెన్‌ఫెల్డ్, జాన్ ఫాల్ట్జ్ ప్రచురించిన రెండు విడతల పద్ధతినే ఇక్కడ వాడదాం. పై వరుస నుంచి కిందికి, ప్రతి వరుసలో ఎడమ నుంచి కుడికి చూసుకుంటూ వెళ్తాం. 1 కనిపించినప్పుడు, అప్పటికే చూసేసిన పొరుగుల్ని మాత్రమే అడుగుతాం. 4-పొరుగులో అవి రెండే: పైది, ఎడమది. రెండూ ఖాళీ అయితే కొత్త లేబుల్. ఒకదానికి లేబుల్ ఉంటే అదే వేస్తాం. రెండింటికీ వేర్వేరు లేబుళ్లు ఉంటే చిన్నది వేసి, "ఈ రెండూ ఒకటే" అని పక్కన రాసుకుంటాం.

మొదటి వరుసలో (1,1)కి లేబుల్ 1, దాని పక్కదానికీ 1. (1,7)కి కొత్తగా 2. రెండో వరుసలో దిమ్మె కింది భాగానికి 1 దిగుతుంది. (2,6)కి పైనా ఎడమా ఖాళీయే, కాబట్టి 3. (2,8)కీ అదే పరిస్థితి, 4. మూడో వరుసలో (3,3)కి 5, (3,7)కి 6. నాలుగో వరుస ఖాళీ. ఐదో వరుసలో యూ ఎడమ కొమ్ముకి 7, కుడి కొమ్ముకి 8, ఆ తర్వాతి జంటకి 9.

చూడాల్సిన చోటు ఆరో వరుస. (6,1)కి పైనుంచి 7 వస్తుంది, (6,2)కి ఎడమ నుంచి 7. (6,3) దగ్గరికి వచ్చేసరికి ఎడమ 7 అంటుంది, పైన 8 అంటుంది. యూ రెండు కొమ్ములూ ఒకే ముక్క అని మనకి తెలిసేది ఇక్కడే. 7 వేసి, "8 అంటే 7" అని రాసుకుంటాం. చివరగా (6,5)కి కొత్తగా 10.

మొదటి విడతలో పది లేబుళ్లు పుట్టాయి, ఒక జంట కలిసిపోయింది, మిగిలినవి 9. రెండో విడతలో ఇమేజ్ మీద మళ్లీ వెళ్లి 8 ఉన్నచోట 7 పెట్టి, నంబర్లు వరుసగా సర్దుతాం.

```
1 1 0 0 0 0 2 0
1 1 0 0 0 3 0 4
0 0 5 0 0 0 6 0
0 0 0 0 0 0 0 0
7 0 7 0 0 8 8 0
7 7 7 0 9 0 0 0
```

అదే 8-పొరుగుతో వేస్తే?

పద్ధతి అదే, కాకపోతే ఇప్పుడు అడగాల్సిన పాత పొరుగులు నలుగురు: ఎడమ, పై ఎడమ మూల, పైన, పై కుడి మూల. చాలామంది ఆ పై కుడి మూలని మర్చిపోతారు. మర్చిపోతే కిందికి వెళ్లేకొద్దీ ఎడమకి జరిగే గీతలు తెగిపోతాయి, కుడికి జరిగేవి మాత్రం బాగానే ఉంటాయి. మీ ఫలితంలో ఒక దిశ గీతలే ముక్కలవుతుంటే మొదట వెతకాల్సిన కారణం ఇదే.

(2,6)కి పై కుడి మూలలో (1,7) ఉంది కాబట్టి దాని 2 వస్తుంది. (2,8)కి పై ఎడమ మూల నుంచి అదే 2. (3,3)కి దిమ్మె నుంచి 1, (3,7)కి 2. యూ కొమ్ములకి 3, 4. జంటకి 5. ఆరో వరుసలో కలయిక ఈసారి ఒక గడి ముందే తెలుస్తుంది: (6,2)కి ఎడమ 3, పై కుడి మూల 4. (6,5)కి పై కుడి మూల నుంచి 5. ఐదు లేబుళ్లు, ఒక కలయిక, మిగిలినవి 4.

```
1 1 0 0 0 0 2 0
1 1 0 0 0 2 0 2
0 0 1 0 0 0 2 0
0 0 0 0 0 0 0 0
3 0 3 0 0 4 4 0
3 3 3 0 4 0 0 0
```

ఒకే బొమ్మలో 9, 4 వచ్చాయి. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో లెక్కగట్టవచ్చా?

కచ్చితంగా గట్టవచ్చు. ఈ విషయంలో నాకు అన్నిటికంటే నచ్చే భాగం ఇదే, ప్రోగ్రామ్ సరిగ్గా ఉందో లేదో చూడటానికి కూడా బాగా పనికొస్తుంది.

బొమ్మలో ప్రతి 2×2 గడుల చదరాన్ని చూడండి. అందులో ఒక మూలకి ఎదురెదురుగా రెండు 1లు, ఇంకో మూలకి ఎదురెదురుగా రెండు 0లు ఉంటే, చదరంగం పలకలా కనిపిస్తుంది. 4 నుంచి 8కి మారినప్పుడు కొత్తగా ఏర్పడే బంధాల్లో లెక్కకి వచ్చేవి ఈ చోట్లే. మిగతా చోట్ల మూలగా ఉన్న రెండు 1లు ఎలాగూ మధ్యలో ఇంకో 1 ద్వారా కలిసే ఉంటాయి.

మన బొమ్మలో అలాంటి చదరాలు ఎన్ని? దిమ్మెకీ (3,3)కీ మధ్య ఒకటి. వజ్రం నాలుగు వైపులా నాలుగు. కింద (5,6), (6,5) మధ్య ఒకటి. మొత్తం 6. ఒక్కో కొత్త బంధం రెండింట్లో ఒక పని చేస్తుంది: వేరుగా ఉన్న రెండు ముక్కల్ని కలిపి సంఖ్యని ఒకటి తగ్గిస్తుంది, లేదా ఇప్పటికే కలిసి ఉన్న ముక్కలో ఒక చుట్టు మూసి కొత్త రంధ్రం చేస్తుంది. వజ్రంలో మొదటి మూడు బంధాలు నాలుగు పిక్సెళ్లని ఒకటి చేశాయి. నాలుగోది కలపడానికి ఏమీ మిగల్లేదు, చుట్టు మూసేసింది. అంటే 6 బంధాల్లో 5 ముక్కల్ని తగ్గించాయి, 1 రంధ్రం పుట్టించింది. 9 నుంచి 4కి తగ్గింది ఆ ఐదే.

పైథాన్‌లో ఈ చదరాల్ని లెక్కపెట్టడం రెండు లైన్ల పని. `a` మన బొమ్మ నంపై అర్రే అనుకోండి:

```python
p, q, r, s = a[:-1,:-1], a[:-1,1:], a[1:,:-1], a[1:,1:]
print(((p == s) & (q == r) & (p != q)).sum())   # 6
```

ఈ సంఖ్య 0 వస్తే ఆ బొమ్మకి 4, 8 రెండూ ఒకే జవాబు ఇస్తాయి, ఏది వాడాలా అని ఆలోచించే పనే లేదు. సంఖ్య పెద్దగా వస్తే మాత్రం ఎంపిక మీ ఫలితాన్ని నిజంగా మారుస్తుందన్నమాట.

వస్తువుకి 8 తీసుకుంటే బ్యాక్‌గ్రౌండ్‌కి ఏది తీసుకోవాలి?

4. వస్తువుకి 4 తీసుకుంటే బ్యాక్‌గ్రౌండ్‌కి 8. ఇది ఆనవాయితీగా వచ్చిన నియమం కాదు, వజ్రం మధ్యలో ఉన్న (2,7) గడిని చూస్తే కారణం తెలుస్తుంది.

రెండింటికీ 8 పెట్టారనుకోండి. వజ్రం నాలుగు పిక్సెళ్లూ కలిసి మూసిన చుట్టు అవుతాయి. కానీ లోపలి 0 కూడా అవే మూలల గుండా (1,6), (3,6) లాంటి బయటి 0లతో కలిసిపోతుంది. చుట్టూ గోడ ఉంది, అయినా లోపలా బయటా ఒకటే! ఇప్పుడు రెండింటికీ 4 పెట్టండి. వజ్రం నాలుగు విడి చుక్కలవుతుంది, అంటే గోడే లేదు. అయినా లోపలి 0 బయటికి రాలేక విడిగా చిక్కుకుని ఉంటుంది. రెండూ అర్థం లేని ఫలితాలే.

చదరంగం పలకలాంటి ప్రతి మూలలోనూ ఒక్క దారికే చోటుంది. ఆ దారి 1లకి ఇస్తే 0లకి ఇవ్వకూడదు, 0లకి ఇస్తే 1లకి ఇవ్వకూడదు. 8, 4 జత ఈ పంపకమే చేస్తుంది. మన బొమ్మలో వస్తువుకి 8, బ్యాక్‌గ్రౌండ్‌కి 4 అయితే ముక్కలు 4, రంధ్రం 1. తిరగేస్తే ముక్కలు 9, రంధ్రాలు 0. ముక్కల్లోంచి రంధ్రాల్ని తీసేస్తే వచ్చేదాన్ని ఆయిలర్ సంఖ్య అంటారు. ఇక్కడ అది 3, 9. వాటి తేడా 6, పైన లెక్కపెట్టిన ఆరు చదరాలే.

నేను రంధ్రాలు లెక్కపెడితే 2 వచ్చాయి. తప్పెక్కడ?

పై కుడి కొసన ఉన్న (1,8) గడిని చూడండి. దాని ఎడమ (1,7) 1, కింద (2,8) 1. పైనా కుడివైపూ ఇమేజ్ అంచు. బ్యాక్‌గ్రౌండ్‌కి 4-పొరుగు వాడితే ఈ గడి ఎటూ వెళ్లలేక ఒంటరి ముక్కగా మిగులుతుంది. నిజానికి అది రంధ్రం కాదు, బొమ్మని అక్కడ కత్తిరించాం కాబట్టి అలా కనిపిస్తోంది. లేబుల్ వేసే ముందు చుట్టూ ఒక వరుస 0లు చేర్చండి:

```python
import numpy as np
from scipy import ndimage as ndi
_, n = ndi.label(1 - np.pad(a, 1))
print(n - 1)   # 1
```

`np.pad` లేకుండా ఇదే లైన్ 2 ఇస్తుంది. చివర ఒకటి తీసేసింది బయటి బ్యాక్‌గ్రౌండ్ కోసం.

సొంతంగా రాసిన ప్రోగ్రామ్ చిన్న బొమ్మల్లో సరిగ్గానే ఉంది, పెద్దవాటిలో ముక్కలు ఎక్కువ వస్తున్నాయి. ఎందుకు?

దాదాపు ఎప్పుడూ "ఈ రెండూ ఒకటే" అని రాసుకునే పట్టికలోనే తప్పుంటుంది. కొందరు `parent[పెద్దది] = చిన్నది` అని నేరుగా రాసేస్తారు. మన 6×8 బొమ్మలో ఒక్క జంటే కలిసింది కాబట్టి అక్కడ ఈ తప్పు బయటపడదు. దాన్ని పట్టుకోవడానికి ఈ మూడు వరుసలు చాలు:

```
1 0 0 0 1
1 0 1 1 1
1 1 1 0 0
```

ఇది స్పష్టంగా ఒకటే ముక్క. 4-పొరుగుతో వెళ్తే ఎడమ కొమ్ముకి 1, కుడి కొమ్ముకి 2, రెండో వరుస మధ్యలో 3. (2,5) దగ్గర 3, 2 కలుస్తాయి కాబట్టి పట్టికలో 3 ఎదురుగా 2 రాస్తాం. (3,3) దగ్గర 3, 1 కలుస్తాయి. ఇప్పుడు 3 ఎదురుగా 1 రాస్తే పాత 2 చెరిగిపోతుంది. 2కి ఇక ఎవరితోనూ సంబంధం ఉండదు, ఒకటికి బదులు రెండు ముక్కలు వస్తాయి. 8-పొరుగుతో వెళ్తే మాత్రం (3,3) దగ్గర పై కుడి మూల నుంచి 2 కూడా నేరుగా 1తో కలుస్తుంది, కాబట్టి ఈ బొమ్మలో తప్పు బయటపడదు.

మందు ఏమిటంటే, లేబుళ్లని కాకుండా వాటి మూలాల్ని కలపాలి. 3కి మూలం 2, 1కి మూలం 1, కాబట్టి 2 ఎదురుగా 1 రాయాలి.

```python
def find(parent, x):
    while parent[x] != x:
        x = parent[x]
    return x

def join(parent, a, b):
    a, b = find(parent, a), find(parent, b)
    parent[max(a, b)] = min(a, b)
```

8-పొరుగులో ఒకే పిక్సెల్ దగ్గర వేర్వేరు లేబుళ్లు ఎదురైతే, చిన్నదాన్ని వేసి ఊరుకోకుండా మిగతావాటిని కూడా దానితో `join` చేయాలి.

లైబ్రరీలు ఒక్కోటీ ఒక్కో జవాబు ఇస్తున్నాయేమిటి?

ఏమీ చెప్పకుండా పిలిస్తే సైపైలోని `ndimage.label` 4-పొరుగు తీసుకుంటుంది. ఓపెన్‌సీవీలోని `connectedComponents`, మ్యాట్‌ల్యాబ్‌లోని `bwlabel`, సైకిట్-ఇమేజ్‌లోని `measure.label` 8 తీసుకుంటాయి. దానికి తోడు ఓపెన్‌సీవీ తిరిగిచ్చే సంఖ్యలో బ్యాక్‌గ్రౌండ్ కూడా ఒకటిగా కలిసి ఉంటుంది. మన బొమ్మకి సైపై 9 చెబితే ఓపెన్‌సీవీ 5 చెబుతుంది, రెండూ సరైనవే. సైకిట్-ఇమేజ్‌లో 4-పొరుగు కావాలంటే `connectivity=1`, 8 కావాలంటే `connectivity=2` రాయాలి. సైపైలో 8 కావాలంటే ఇలా:

```python
l4, n4 = ndi.label(a)
l8, n8 = ndi.label(a, structure=np.ones((3, 3)))
print(n4, n8)   # 9 4
```

నా సలహా, డిఫాల్ట్‌ని నమ్మకుండా ప్రతిసారీ కనెక్టివిటీని కోడ్‌లో రాసేయండి. ఆర్నెల్ల తర్వాత చదివేవాళ్లకి అది అడగకుండానే తెలుస్తుంది.

ముక్కల సంఖ్య కలిసినా నంబర్లు కలవకపోతే టెన్షన్ పడొద్దు. మ్యాట్‌ల్యాబ్ నిలువు వరుసల వెంట చూస్తుంది, అందుకే అక్కడ నంబర్ల క్రమం వేరు. లేబుల్ నంబరుకి పేరుగా తప్ప వేరే అర్థం లేదు.

తెలుగు అక్షరాల స్కాన్‌కి ఏది వాడాలి?

8. సున్నానే తీసుకోండి. చిన్న సైజు అచ్చుని తక్కువ రిజల్యూషన్‌లో స్కాన్ చేసి 0, 1గా మారిస్తే సున్నా గీత కొన్నిచోట్ల ఒక్క పిక్సెల్ మందం అవుతుంది, వంపుల దగ్గర పిక్సెళ్లు మూలలతోనే కలుస్తాయి. మన వజ్రం అచ్చంగా అలాంటి సున్నానే. 4తో అది నాలుగు చుక్కలు, మధ్యలో రంధ్రం కూడా ఉండదు. 8తో ఒక్క ముక్క, లోపల ఒక రంధ్రం.

నష్టం అక్కడితో ఆగదు. స్కాన్‌లో పడ్డ దుమ్ము చుక్కలు పోవడానికి సాధారణంగా చిన్న ముక్కల్ని తీసేస్తారు. మన బొమ్మలో 2 పిక్సెళ్ల కంటే చిన్నవి తీసేయమంటే, 8తో ఏమీ పోదు. 4తో వజ్రం మొత్తం, (3,3), (6,5) పోతాయి: 17లో 6 పిక్సెళ్లు. అక్షరంలోంచి సున్నా మాయమైతే మాటే మారిపోతుంది.

8 వాడినా ఒక ముక్క అంటే ఒక అక్షరం అనుకోకూడదు. చాలా ఫాంట్లలో ‘ప’ తలకట్టు అక్షరం ఒంటికి తగలకుండా విడిగా ఉంటుంది. కింద రాసే ఒత్తులు చాలావరకు వేరే ముక్కలుగానే వస్తాయి. వాటిని దగ్గరితనం, ఎత్తు చూసి తర్వాత జతచేయాలి. అది లేబులింగ్ చేసే పని కాదు.

మరి 4 ఎప్పుడు మేలు?

విడివిడిగా ఉండాల్సిన గింజలో కణాలో దగ్గరగా పడి, మూలల దగ్గర మాత్రమే తగులుతున్నప్పుడు. 8 వాటిని ఒకటి చేసేస్తుంది, 4 విడిగా ఉంచుతుంది. అయితే ఈ మేలు మూల తగిలినంత వరకే. రెండు గింజల మధ్య ఒక్క పూర్తి అంచు కలిసినా 4 కూడా వాటిని ఒకటిగానే లెక్కపెడుతుంది. అప్పుడు ఇమేజ్‌ని కొంచెం అరగదీయడం, వాటర్‌షెడ్ లాంటి వేరే పద్ధతులు కావాలి.

గీతలు, అక్షరాలు, పగుళ్లు, రోడ్లు లాంటి సన్నటివాటికి 8, నిండుగా ఉండి పక్కపక్కనే పడే గుండ్రటివాటికి 4 అని మొదలుపెట్టి, చదరంగం పలక చదరాల సంఖ్య చూసి తేల్చుకోవడం నా పద్ధతి.

జేపీజీ ఫైల్‌తో చేస్తే మొత్తం ఇమేజ్ ఒకే ముక్క అయింది?

జేపీజీ కుదింపు వల్ల 0 ఉండాల్సినచోట 2, 5 లాంటి చిన్న విలువలు చేరతాయి. సైపై, ఓపెన్‌సీవీ సున్నా కాని ప్రతిదాన్నీ వస్తువుగానే చూస్తాయి. సైకిట్-ఇమేజ్ ఇంకోలా పొరపడుతుంది: వేర్వేరు విలువలున్న పక్క పిక్సెళ్లని వేర్వేరు ముక్కలుగా తీసుకుంటుంది కాబట్టి వేల ముక్కలు వస్తాయి. ముందు `a = (img > 127).astype(np.uint8)` చేయండి, బైనరీ ఇమేజ్‌ల్ని పీఎన్‌జీలో దాచుకోండి.

రెండు విడతలు ఎందుకు, రికర్షన్‌తో నింపుకుంటూ పోతే సరిపోదా?

మన 17 పిక్సెళ్లకి సరిపోతుంది. కానీ పైథాన్‌లో రికర్షన్ లోతు పరిమితి మామూలుగా 1000. అంతకంటే పొడవైన ఒక్క గీత చాలు, `RecursionError` వస్తుంది. నింపే పద్ధతే కావాలంటే సొంత స్టాక్ లేదా క్యూ పెట్టుకుని లూప్‌తో రాయండి.

ఈ 4, 8 గొడవ లేని గడులు ఉన్నాయా?

ఉన్నాయి. తేనెపట్టులాంటి ఆరు భుజాల గడుల్లో ఒక మూల దగ్గర మూడే గడులు కలుస్తాయి, ఆ మూడూ ఒకదానితో ఒకటి అంచు పంచుకుంటాయి. మూలతో మాత్రమే తగలడం అక్కడ జరగదు, పొరుగులు ఎప్పుడూ ఆరే. సీటీ స్కాన్ లాంటి 3డీ ఇమేజ్‌ల్లో మాత్రం సమస్య పెరుగుతుంది: ముఖం కలిస్తే 6 పొరుగులు, అంచు కలిసినా చాలంటే 18, మూల కలిసినా చాలంటే 26. అక్కడ కూడా వస్తువుకి 26 తీసుకుంటే బ్యాక్‌గ్రౌండ్‌కి 6 తీసుకోవాలి.